టైప్-సి పోర్టు వి8 లాగా కనబడితే: ఒక ఇయర్‌బడ్స్ క్యాటలాగ్ కేస్ స్టడీ

నేను హన్మకొండలో ఉంటూ దుకాణాలకు, హోల్‌సేలర్లకు ప్రొడక్ట్ బొమ్మలు తయారు చేస్తాను. రెండేళ్లుగా ఈ పనిలో ఎక్కువ భాగం ఏఐ ఇమేజ్ మోడళ్లతోనే సాగుతోంది. చీరల షాపుకో స్వీట్ల షాపుకో చేసేటప్పుడు మోడల్ కొంచెం అటూ ఇటూ గీసినా ఎవరూ పట్టించుకోరు. చార్జర్లు, ఇయర్‌బడ్స్ దగ్గర అలా కుదరదు. అక్కడ కొనేవాడు చూసేదే పిన్ను. ఈ కేసు రాయడానికి కారణం అదే. వ్యాపారి వివరాలు, బ్రాండ్ పేరు, పెట్టె రంగు మార్చేశాను.

ఎవరు, ఏం సరుకు

వరంగల్ కేంద్రంగా మొబైల్ యాక్సెసరీస్ హోల్‌సేల్ చేసే వ్యాపారి ఆయన. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి వైపు చిన్న మొబైల్ షాపులకు సరుకు వేస్తారు. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఆయన బొమ్మ పంపుతారు, షాపువాళ్లు ఎన్ని పీసులు కావాలో కింద రాస్తారు, మర్నాడు పార్సిల్ బస్సెక్కుతుంది. అంటే ఆ బొమ్మే ఆయన షోరూమ్. షాపువాడు వస్తువును చేతిలోకి తీసుకునేది డబ్బు కట్టిన తర్వాతే.

ఈసారి సరుకు మూడు వస్తువుల కాంబో. మ్యాట్ నలుపు కేసులో కాడ ఉన్న ఇయర్‌బడ్స్, తెల్ల అడాప్టర్, అల్లిక నైలాన్ టైప్-సి కేబుల్. దసరా ఆఫర్ కాబట్టి పండుగ వాతావరణంలో కొన్ని, మామూలు టేబుల్ మీద కొన్ని బొమ్మలు కావాలన్నారు. అంతకుముందే వేరే ఎవరితోనో ఒక సెట్ చేయించి గ్రూపుల్లో పంపేశారు. నా దగ్గరికి వచ్చింది ఆ బొమ్మలు తిరగబడ్డాక.

సమస్య ఏ రూపంలో వచ్చింది

"తమ్మీ, సరుకంతా టైప్-సి. షాపోళ్లేమో వి8 పిన్ను మాకొద్దు అంటున్నరు. నేను చెప్తే నమ్ముతలేరు, ఫొటోల చూస్కో అంటున్నరు" అన్నారాయన.

వి8 అంటే మన షాపుల్లో పాత మైక్రో యూఎస్‌బీ పిన్ను. ఇప్పుడు దాన్ని స్టాక్ పెట్టుకోవడానికి షాపువాళ్లు ఇష్టపడటం లేదు. బొమ్మను ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే షాపువాళ్ల మాట నిజమే అనిపించింది. ఇయర్‌బడ్స్ కేసు కింది అంచున ఒక రంధ్రం ఉంది. ఎడమ చివర గుండ్రంగా ఉంటే కుడి చివర కింది మూల కోసేసినట్టుంది. లోపల మధ్యలో ఉండాల్సిన సన్నని పలక లేదు, నల్లటి గుంట మాత్రమే ఉంది. చూసినవాడు దాన్ని వి8 అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఇంకా చూస్తే కేబుల్ కూడా చెడిపోయి ఉంది. అడాప్టర్ నుంచి బయల్దేరిన వైరు టేబుల్ అంచు దగ్గర సన్నబడి, కేసు వెనక్కి వెళ్లి, అటు నుంచి రెండుగా వచ్చింది. లెక్కపెడితే ఒక్క కేబుల్‌కు మూడు చివరలు. అడాప్టర్ పిన్నులు బల్లపరుపుగా, అమెరికా సాకెట్‌కు సరిపోయేలా ఉన్నాయి. మన సాకెట్‌లోకి వెళ్లే చార్జర్‌కు రెండు గుండ్రటి పిన్నులుంటాయి, ఒక్కోటి 4 మిల్లీమీటర్ల లావు, 19 మిల్లీమీటర్ల పొడవు. పిన్నుల సంగతి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కానీ పోర్టు చూసి అనుమానం వచ్చినవాడికి ఆ పిన్నులు చూస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది.

ఫొటోలే తీసి ఇవ్వొచ్చు కదా అని ముందు ఆలోచించాను. ఒక వస్తువుకు ఒక ఫొటో చాలితే అదే సరైన దారి. ఇక్కడ రంగులు ఎక్కువ, నేపథ్యాలు ఎక్కువ, నలుపు మీద షాపు ట్యూబ్‌లైట్ గీతలు పడుతున్నాయి. అందుకే నేపథ్యం, వెలుతురు మోడల్‌కు వదిలి, వస్తువు ఆకారాన్ని మాత్రం మన చేతిలో ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాను. ఆ గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవడమే ఈ కేసులో అసలు పని.

ఫలించని దారులు

ముందుగా పాత ప్రాంప్టును, అంటే ఏం గీయాలో మోడల్‌కు మాటల్లో చెప్పిన వివరణను చూశాను. అందులో వస్తువు పేర్లు, ఆ వెనక `ultra detailed, 8k, hyper realistic` లాంటి మాటలు వరసగా ఉన్నాయి. ఇలాంటి మాటలు బొమ్మ మొత్తం తీరును మారుస్తాయి. నీడ ముదురుతుంది, మెరుపు పెరుగుతుంది. పోర్టు ఆకారం గురించి మాత్రం ఏమీ చెప్పవు. వాటిని తీసేసి చూశాను, పోర్టులో తేడా రాలేదు.

తర్వాత వివరం పెంచి చూశాను. టైప్-సి పోర్టులో పైవరసలో 12, కిందివరసలో 12, మొత్తం 24 కాంటాక్టులుంటాయి. ఆ అంకెను ప్రాంప్టులో రాస్తే మోడల్ లెక్కను పట్టుకోలేదు, బంగారం అన్న మాటను పట్టుకుంది. రంధ్రం నిండా పసుపు పళ్లు మొలిచాయి. నిజమైన పోర్టును ఎదురుగా చూస్తే కాంటాక్టులు దాదాపు కనబడవు. అవి మధ్య పలక పైముఖం మీద, కిందిముఖం మీద పడుకుని లోపలికి సాగుతాయి. చూసేవాడి కంటికి కనబడని వివరాన్ని ప్రాంప్టులో రాస్తే మోడల్ దాన్ని ఎక్కడో ఒకచోట అతికిస్తుంది. అప్పటి నుంచి నేను ప్రాంప్టు రాసే ముందు వస్తువును కెమెరా కోణంలో పట్టుకుని, కంటికి ఆనినదే రాస్తున్నాను.

నెగటివ్ ప్రాంప్టులో `micro usb` అని పెట్టడం మూడో ప్రయత్నం. ఇది ఒక మేరకు పనిచేసింది, మూల కోసుకుపోవడం తగ్గింది. అయితే నెగటివ్ ప్రాంప్టు దేని నుంచి దూరం జరగాలో చెబుతుంది, ఎక్కడికి వెళ్లాలో చెప్పదు. మూల కోసుకుపోని రంధ్రాలు వచ్చాయి గానీ అవి హెచ్‌డీఎంఐలాగో స్పీకర్ సందులాగో ఉన్నాయి. ఇదే మాటను అసలు ప్రాంప్టులో `no micro usb` అని రాస్తే ఇంకా నష్టం. మోడల్ `no`ను సరిగా పట్టుకోదు, మిగతా రెండు మాటలను బాగా పట్టుకుంటుంది.

అప్‌స్కేలర్‌తో పెద్దది చేస్తే బాగుపడుతుందని వ్యాపారికి ఎవరో చెప్పారట. అడిగారు కాబట్టి చేసి చూపించాను. తప్పు ఆకారం అలాగే ఉండి అంచులు మాత్రం పదునెక్కాయి. ఇంతకుముందు అనుమానంగా కనిపించిన వి8 పిన్ను ఇప్పుడు ఖాయంగా వి8లాగే కనిపించింది.

పిక్సెళ్ల లెక్క

ఇక మాటలు మార్చడం ఆపి, పోర్టుకు బొమ్మలో ఎంత చోటు దొరుకుతోందో లెక్క వేశాను. ఈ కేసుకు పునాది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

టైప్-సి పోర్టు నోరు 8.34 మిల్లీమీటర్ల వెడల్పు, 2.56 మిల్లీమీటర్ల ఎత్తు. మధ్యలోని పలక మందం 0.7 మిల్లీమీటర్లు. మా బొమ్మ 1024 పిక్సెళ్ల చదరం. అడాప్టర్, కేసు, కేబుల్ చుట్ట అన్నీ పట్టాలంటే టేబుల్ మీద దాదాపు 200 మిల్లీమీటర్ల వెడల్పు ఫ్రేములోకి రావాలి. అంటే మిల్లీమీటరుకు 5 పిక్సెళ్లు. పోర్టుకు 43 పిక్సెళ్ల వెడల్పు, 13 పిక్సెళ్ల ఎత్తు దక్కుతాయి. పలకకు నాలుగు పిక్సెళ్లు కూడా దక్కవు.

నాలుగు పిక్సెళ్లుంటే గీత కనబడాలి కదా అనిపిస్తుంది. కానీ మేం వాడింది ఎస్‌డీఎక్స్‌ఎల్ అనే ఇమేజ్ మోడల్. ఈ రకం మోడళ్లు బొమ్మను నేరుగా పిక్సెళ్లలో గీయవు. ముందు కుదించిన రూపంలో గీసి, చివర్లో దాన్ని విప్పుతాయి. ఆ కుదింపు ఒక్కో వైపు 8 రెట్లు. 1024 పిక్సెళ్ల బొమ్మ లోపల 128 గడులు మాత్రమే ఉంటుంది. మన పోర్టుకు ఆ గడుల్లో అయిదు అడ్డంగా, ఒకటిన్నర నిలువుగా వస్తాయి. పలకకు అర గడి కూడా రాదు. చోటే లేని వివరాన్ని ఎంత చక్కగా వర్ణించినా మోడల్ గీయలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. వి8 పిన్ను దాదాపు 7 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్లలోపు ఎత్తు. వెడల్పుకు ఎత్తుకు ఉన్న నిష్పత్తి చూస్తే రెండూ ఒకేలాంటి పలచటి రంధ్రాలే. తేడా అంతా మూలల్లో ఉంది. టైప్-సి రెండు చివరలా పూర్తి గుండ్రం, పైకిందా ఒకేలా ఉంటుంది. వి8కు ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఇరుకు. ఒకటిన్నర గడి ఎత్తులో మూల గుండ్రంగా ఉందా కోసినట్టుందా అన్నది నిలబడదు. బొమ్మ బొమ్మకూ పోర్టు మారిపోవడానికి కారణం ఇది.

2024లో వచ్చిన ఫ్లక్స్.1 లాంటి మోడళ్లలో కుదింపు అంతే అయినా ఒక్కో గడిలో దాచుకునే సమాచారం ఎక్కువ, ఎస్‌డీఎక్స్‌ఎల్‌లో నాలుగు చానళ్లుంటే ఇందులో 16. వాటిలో సన్నని గీతలు మెరుగ్గా వస్తాయి. అయినా అర గడి అర గడే. లెక్క తప్పదు.

పోర్టు ఎలా కుదిరింది

లెక్క తేలాక దారి కూడా తేలింది. పోర్టు ఉన్నచోటును విడిగా పెద్ద కాన్వాసు మీద గీయించాలి. బొమ్మలో ఒక భాగాన్ని మాత్రమే మళ్లీ గీయించే ఇన్‌పెయింట్‌లో `Only masked` అనే ఎంపిక చేసేది అదే. మాస్క్‌తో గుర్తుపెట్టిన చోటును కత్తిరించి, పూర్తి 1024 సైజుకు పెంచి, అక్కడ గీసి, తిరిగి చిన్నది చేసి బొమ్మలో అతికిస్తుంది. పోర్టు చుట్టూ 20 మిల్లీమీటర్ల మేర తీసుకుంటే మిల్లీమీటరుకు 51 పిక్సెళ్లు వస్తాయి. పోర్టు వెడల్పు 427, ఎత్తు 131, పలక 36 పిక్సెళ్లు. అర గడి కాస్తా నాలుగున్నర గడులైంది. ఇప్పుడు మాటలకు విలువ వచ్చింది.

మాస్క్‌ను పోర్టు అంచుకే బిగించలేదు. కేసు కింది అంచు, మూత కలిసే గీత కూడా కొంచెం కనబడేలా చుట్టూ చోటు వదిలాను. ఆ చుట్టుపక్కల లేకపోతే తాను గీస్తున్నది ఏ వస్తువు మీద ఉందో, వెలుతురు ఎటునుంచి పడుతోందో మోడల్‌కు తెలియదు. ప్రాంప్టు ఇది:

```
macro photo, bottom edge of matte black earbud case,
one USB-C receptacle: wide pill-shaped opening, fully rounded ends,
thin metal rim flush with the plastic,
one flat dark tongue centered inside, empty gap above and below it
```

ఇందులో పిన్నుల లెక్క లేదు, 8కే లేదు. ఆకారం, అంచు ఎక్కడ కలుస్తుంది, లోపల ఏముంది, దాని చుట్టూ ఏం లేదు, అంతే. `empty gap above and below it` అన్న ముక్క రాయకముందు పలక ఒక గోడకు అతుక్కునేది. ఖాళీని కూడా ఒక వస్తువులాగే పేరు పెట్టి రాయాలి.

ప్రాంప్టు ఒక్కటే చాలలేదు. ఆకారం బాగా వచ్చింది గానీ ఒకసారి మధ్యలో, ఒకసారి పక్కకు జరిగి వచ్చింది. అందుకని ఎడిటర్‌లో కాలిపర్ కొలతల ప్రకారం పోర్టును సాదా ఆకారంగా గీశాను. నల్లటి మాత్ర ఆకారం, చుట్టూ బూడిద రంగు అంచు, మధ్యలో ఒక పట్టీ. దాన్ని కేసు కోణానికి తగ్గట్టు వంచి పెట్టి, దాని మీద ఇన్‌పెయింట్ నడిపాను. ఉన్నదాన్ని మోడల్ ఎంత మార్చొచ్చో చెప్పే `Denoising strength` 0.4 దగ్గర ఉంచితే గీసిన ఆకారం నిలబడి, దాని మీద లోహపు మెరుపు, లోపలి నీడ చేరాయి. 0.3 కిందికి దించితే అతికించిన స్టిక్కర్‌లా మిగిలింది. 0.6 దాటితే మోడల్ మళ్లీ తన ఇష్టానికి వెళ్లిపోయింది. వేరే మోడల్‌లో ఈ అంకెలు మారతాయి, ఆ రెండు చివరల లక్షణాలు మాత్రం ఇలాగే ఉంటాయి. వాటిని బట్టే మధ్య అంకె వెతుక్కోవాలి.

పోర్టు కుదిరాక మొత్తం బొమ్మను మళ్లీ ఇమేజ్-టు-ఇమేజ్‌లో నడపకూడదు, అంటే ఉన్న బొమ్మ మీద మోడల్‌తో అంతా కొత్తగా గీయించకూడదు. రంగులు కలపడానికి అలా చేయాలనిపిస్తుంది. చేస్తే పోర్టు మళ్లీ ఆ అయిదు గడుల్లోకే వెళ్లి కరిగిపోతుంది. రంగులు, కాంట్రాస్టు సర్దుబాటు ఆ తర్వాత మామూలు ఎడిటర్‌లోనే చేశాను.

కేబుల్

కేబుల్ సమస్య వేరు. అది చిన్నది కావడం వల్ల చెడిపోలేదు, పొడవుగా ఉండడం వల్ల చెడిపోయింది. మోడల్ కేబుల్ ముక్కలను బాగానే గీస్తుంది. ఎడమవైపు కనిపించే ముక్క, కుడివైపు కనిపించే ముక్క ఒకే వైరు అన్న సంగతి దానికి పట్టదు. ఒక వస్తువు వెనక దూరిన వైరు అటువైపు ఎక్కడ తేలాలో, ఎంత లావుతో తేలాలో దానికి లెక్క ఉండదు. పాత ప్రాంప్టులో `tangled cable, elegantly curved` అని ఉంది. చిక్కు, వంపు రెండూ ముక్కల లక్షణాలే. వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరూ చెప్పలేదు.

నేను ముందు అసలు కేబుల్‌ను టేబుల్ మీద పడేసి కాసేపు చూశాను. ప్లగ్ వెనక ఉన్న ప్లాస్టిక్ దిమ్మె వంగదు. దాని వెనక ఉన్న మెత్తటి తొడుగు కొంచెం మాత్రమే వంగుతుంది. అసలు వంపు ఆ తొడుగు దాటాకే మొదలవుతుంది. మోడల్ మాత్రం ప్లగ్ అంచు నుంచే వైరును పక్కకు తిప్పేస్తుంది. నిజంగా అలా ఉంటే ఆ కేబుల్ నాలుగు రోజుల్లో తెగుతుంది. రోజూ కేబుళ్లు అమ్మేవాడి కంటికి అది వెంటనే తగులుతుంది. అడాప్టర్ నుంచి దిగే వైరు ముందు తిన్నగా వచ్చి, బరువుకు కిందికి వాలి, టేబుల్‌ను తాకాక పడుకుంటుంది. గాల్లో తేలదు. అల్లిక నైలాన్ కొంచెం బిరుసు కాబట్టి చుట్ట పెద్దదిగా వస్తుంది. ప్యాకింగ్ నుంచి అప్పుడే తీసిన వైరులో మడతల గుర్తులు చిన్న అలల్లా మిగిలి ఉంటాయి.

ఇదంతా చూశాక ప్రాంప్టును దారి చెప్పినట్టు రాశాను:

```
one braided cable: leaves the adapter straight for a short length,
drops under its own weight to the table, lies flat in one wide loop,
ends in one USB-C plug facing the camera, same thickness throughout
```

ఇది పాతదానికన్నా చాలా మెరుగైంది. చివరలు మూడు కాకుండా ఎక్కువసార్లు రెండే వచ్చాయి. అయినా చుట్టలో వైరు తనను తాను దాటే చోట తేడా కొట్టింది. రెండు వైర్లు ఒకదాన్నొకటి దాటకుండా ప్లస్ గుర్తులా కలిసిపోయాయి.

అక్కడ రెండు దారులున్నాయి. చుట్ట మానేసి వైరును వంపు తిరిగిన ఒకే గీతలా ఉంచొచ్చు. దాటే చోటు లేకపోతే సమస్యే లేదు. చాలా బొమ్మల్లో అదే చేశాను, ఇప్పటికీ నా మొదటి సలహా అదే. కానీ కేబుల్ పొడవు చూపించే బొమ్మలో చుట్ట కావాలని వ్యాపారి పట్టుబట్టారు. ఆయన మాటలో న్యాయం ఉంది, పొడవు చూసి కొనేవాళ్లు ఉన్నారు.

ఆ బొమ్మ కోసం అసలు కేబుల్‌ను చుట్టగా పెట్టి, కావాల్సిన కోణంలో ఫోన్‌తో ఫొటో తీసి, దాని నుంచి ఏది దగ్గరో ఏది దూరమో చూపే డెప్త్ మ్యాప్ తీసుకుని, మోడల్‌ను ఆ ఆకారానికి కట్టి ఉంచే కంట్రోల్‌నెట్‌కు ఇచ్చాను. అంచుల గీతలు తీసే క్యానీ ముందు ప్రయత్నించాను. క్యానీ మ్యాప్‌లో ఆ దాటే చోట నాలుగు గీతలు కలుస్తాయి, వాటిలో ఏది పైదో ఏది కిందిదో మోడల్ ఊహించుకోవాల్సి వచ్చింది. డెప్త్ మ్యాప్‌లో కెమెరాకు దగ్గరగా ఉన్నది తెల్లగా, దూరంగా ఉన్నది నల్లగా వస్తుంది కాబట్టి పై వైరు ఏదో దానికి తెలుస్తుంది. అయితే కేబుల్ 4 మిల్లీమీటర్ల లావే. టేబుల్‌కూ వైరుకూ మధ్య ఆ తేడా డెప్త్ మ్యాప్‌లో చాలా పలచగా వచ్చింది. ఎడిటర్‌లో లెవల్స్ లాగి ఆ తేడా పెంచాక వైరు స్పష్టంగా లేచింది. `Control Weight` 0.8 దగ్గర, `Ending Control Step` 0.7 దగ్గర ఉంచాను. చివరి దశల్లో పట్టు వదిలేస్తే అల్లిక, నీడ మోడల్ సహజంగా గీసుకుంటుంది. చివరిదాకా పట్టుకుంటే ఫోన్ ఫొటోలోని గరుకు కూడా బొమ్మలోకి వస్తుంది.

బాగా వచ్చిన బొమ్మను ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్తాను. వేలితో ఒక చివర నుంచి వైరు వెంట పోవాలి. వేలు ఎత్తకుండా రెండో చివరకు చేరాలి. దాటే చోట పై వైరు కింద సన్నని నీడ ఉండాలి, దానికి ముందు వెనక పై వైరు టేబుల్ నుంచి కొద్దిగా లేచి ఉండాలి. వంపు లోపలివైపు అల్లిక దగ్గర దగ్గరగా, బయటివైపు కొంచెం విచ్చుకుని ఉండాలి. అల్లిక కేబుల్ మీద పొడవునా ఒకే మెరుపు గీత కనిపిస్తే అది తప్పు, అలాంటి మెరుపు నున్నటి రబ్బరు కేబుల్‌కు ఉంటుంది. నైలాన్ మీద వెలుతురు చిన్న చిన్న చుక్కలుగా విరుగుతుంది. ఈ తేడా వల్ల కేబుల్ రకమే మారిపోయినట్టు కనిపిస్తుంది.

మోడల్‌కు ఇవ్వని పనులు

అడాప్టర్ మీద చిన్న అక్షరాల ముద్ర ఉంటుంది. ఇన్‌పుట్ `100-240V~`, అవుట్‌పుట్ వోల్టేజీలు, చదరంలో చదరం ఉన్న డబుల్ ఇన్సులేషన్ గుర్తు, బీఐఎస్ గుర్తు కింద రిజిస్ట్రేషన్ నంబరు. ఇవి మోడల్‌తో గీయించే ప్రశ్నే లేదు. అక్షరాలు చెడిపోతాయన్నది చిన్న కారణం. బీఐఎస్ గుర్తు ఒక హామీ, ఆ వస్తువుకు ఇచ్చిన నంబరు ఆ వస్తువుదే. కల్పించిన నంబరు ఉన్న బొమ్మ కొనేవాడిని మోసం చేసినట్టే. లేబుల్ కనిపించే బొమ్మల్లో అసలు ఫొటో ముక్కనే అతికించాను, మిగతావాటిలో లేబుల్ కనిపించని కోణం ఎంచుకున్నాను.

గుండ్రటి పిన్నుల విషయంలో `two round metal pins` అన్న మాట సగం పనిచేసింది. కొన్నిసార్లు బల్లపరుపు పిన్నుకే అంచులు గుండ్రం చేసి ఇచ్చింది. పిన్నులు కనిపించే ఒకే ఒక బొమ్మకు ఇంత కష్టం అక్కర్లేదు. ఆ అడాప్టర్‌ను ఫొటో తీసి, నేపథ్యం మాత్రం మోడల్‌తో గీయించాను.

ఇయర్‌బడ్స్ జతలో మోడల్ రెండూ ఒకే చెవివి గీస్తుంది. అసలు ఎడమ, కుడి అద్దంలో ప్రతిబింబాల్లా ఉండాలి. ఒకటి బాగా వస్తే దాన్నే అడ్డంగా తిప్పి రెండోది చేసుకోవచ్చు, కానీ అప్పుడు వెలుతురు కూడా తిరగబడుతుంది, కాడ మీద `L` అక్షరం కూడా తిరగబడుతుంది. తిప్పిన దాని మీద తక్కువ బలంతో మళ్లీ ఇన్‌పెయింట్ నడిపి వెలుతురు సరిచేసి, అక్షరం ఎడిటర్‌లో పెట్టాను. కాడ అడుగున చార్జింగ్ కాంటాక్టులు ఎన్ని ఉన్నాయో కేసు గుంటలో అన్నే పిన్నులుండాలి. ఇది రెండుచోట్లా చేతితో సరిచూసుకోవాల్సిందే.

ఉపరితలం సంగతి ఒక్కమాట. `matte` అని మాత్రమే రాస్తే కేసు పొడి పూసినట్టు, సుద్దముక్కలా వచ్చింది. అసలు ప్లాస్టిక్‌కు సన్నని గరుకు ఉంటుంది, వెలుతురు దాని మీద వెడల్పుగా పరుచుకుంటుంది, పక్క అంచు వెంట అచ్చు రెండు సగాలు కలిసిన వెంట్రుక లాంటి గీత ఉంటుంది. `fine-grain moulded plastic, broad soft highlight, faint parting line along the side` అని రాశాక అది ఫ్యాక్టరీలో తయారైన వస్తువులా కనిపించింది. గీతలు, ధూళి మాత్రం కావాలని చేర్చలేదు. కొత్త సరుకును పాతదిలా చూపించడం కూడా తప్పుడు బొమ్మే.

వ్యాపారి దగ్గర పరీక్ష

బొమ్మ బాగుందా అని ఎవరినీ అడగలేదు. బాగుంది అనే అంటారు. వాట్సాప్ బొమ్మను కుదించి పంపుతుంది కాబట్టి ముందు ఒక ఫోన్‌కు పంపి, అందిన బొమ్మను ఆ ఫోన్‌లోనే షాపుల్లో కౌంటర్ మీద ఉండే కుర్రాళ్లకు చూపించమన్నాను. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "ఏం పిన్నురా ఇది?" మొత్తం సెట్టు కనిపించే బొమ్మలో టైప్-సి అని గుర్తుపట్టారు గానీ కొందరు వేళ్లతో పెద్దది చేసి చూశారు. పోర్టు దగ్గరగా ఉన్న బొమ్మలో అడగకముందే "టైప్-సి, అన్నా" అన్నారు. దాంతో ప్రతి సెట్టుతో పాటు పోర్టు ఒక్కటే నిండుగా కనిపించే రెండో బొమ్మ పంపాలని వ్యాపారిని ఒప్పించాను. సెట్టు బొమ్మలో 13 పిక్సెళ్ల ఎత్తున్న పోర్టు మీద ఎంత పని చేసినా, కుదింపు తర్వాత దానికి ఒక హద్దు ఉంటుంది.

వి8 అన్న ఫిర్యాదు తర్వాత రాలేదని ఆయన చెప్పారు. ఆర్డర్లు పెరిగింది బొమ్మల వల్లనా దసరా వల్లనా అన్నది నేను తేల్చలేను, ఆయన కూడా అలా అనలేదు.

ఈ సెట్టులో ఒక వస్తువుకు మాత్రం మోడల్ వాడలేదు. కాంబోలో తర్వాత చేర్చిన లాగుడు కేబుల్ అది, రెండువైపులా లాగితే సాగి, వదిలితే డబ్బాలోకి చుట్టుకుంటుంది. పలచటి రిబ్బను వైరు, డబ్బా నోట్లోంచి రెండువైపులా ఒకే పొడవు బయటికి రావాలి, రిబ్బను మెలిక తిరిగే చోట దాని పలచటి అంచు కనబడాలి. డెప్త్ మ్యాప్‌లో అంత పలచటి పట్టీ లెవల్స్ లాగినా లేవలేదు. దానికి తెల్ల చార్టు మీద కిటికీ వెలుతురులో ఫొటో తీసి ఇచ్చాను, ఇప్పటికీ ఆ రకం సరుకు వస్తే ఫొటోనే తీస్తున్నాను.